‘డెలివర్డ్’ అని చూపిస్తే చాలదు, సంతకం ఎవరిది?

ప్రశ్న: మంగళగిరిలో చీరల వ్యాపారం చేస్తున్నాను. రాజమండ్రిలో షాపు ఉన్న పాత ఖాతాదారుడికి నెల రోజుల అరువు మీద రూ.46,000 చీరలు కొరియర్‌లో పంపాను. బుక్ చేసి ఐదు నెలలైంది. ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని ఉంది. ఆయన మాత్రం సరుకే రాలేదంటున్నాడు. పదేళ్ల నమ్మకం, నిద్ర పట్టడం లేదు. డెలివరీ కుర్రాడు ఇప్పుడు రసీదు రాసి సంతకం పెట్టించి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. పాత తేదీ వేసి ఇప్పుడు పుట్టించిన రసీదు ఫోర్జరీ అవుతుంది. దాన్ని కోర్టులో దాఖలు చేస్తే మీ బాకీ కేసు పోవడమే కాదు, మీ మీదే క్రిమినల్ కేసు పడుతుంది.

పదేళ్ల నమ్మకం సంగతి అలా ఉంచండి. పార్శిల్‌ను ఎవరు అందుకున్నారన్నదే ఈ కేసును తేలుస్తుంది. ట్రాకింగ్‌లోని ఆ ఒక్క మాట కొరియర్ వాళ్లు రాసుకున్నదే. వాచ్‌మన్ చేతికిచ్చినా, పక్క షాపులో పడేసినా అలాగే కనిపిస్తుంది. సరుకు అందుకున్నవారి సంతకం ఉండే డెలివరీ రుజువు కాగితాన్ని పీవోడీ అంటారు. ఐదు నెలలుగా దాన్ని అడగకపోవడం మీ అజాగ్రత్తే. ఆ కాగితాలను వాళ్లు ఏళ్ల తరబడి దాచిపెట్టరు.

ఇవాళే కొరియర్ సంస్థకు డాకెట్ నంబరుతో లేఖ రాసి ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. పీవోడీ రెండు వైపులా స్కాన్ చేసిన కాపీ, ఆ రోజు ఏ పార్శిల్ ఎవరికిచ్చారో రాసే డెలివరీ రన్ షీట్, అందుకున్నవారి పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ తీసుకుంటే దాని రికార్డు అడగండి. ఒరిజినల్‌ను చెరపకుండా భద్రపరచమనీ రాయండి. సరుకు పోయిందని తేలితే నష్టపరిహారం కోరతామన్న నోటీసు కూడా అందులోనే ఇవ్వండి. రోడ్డు రవాణా చట్టం 2007లోని 16వ సెక్షన్ ప్రకారం బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా ఆ నోటీసు వాళ్లకు అందాలి. మీకు మిగిలింది కొద్ది వారాలే.

పీవోడీ వచ్చాక, పాత పార్శిళ్ల మీద ఆ షాపువాళ్లు పెట్టిన సంతకం, ముద్రతో పోల్చండి. కలిస్తే ఖాతాదారుడికి లాయర్ నోటీసు, ఆ తర్వాత డబ్బు వసూలు దావా. అరువు గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్ల సమయం ఉంది. స్కాన్ కాపీ వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. ఒరిజినల్‌ను, రన్ షీట్‌ను కోర్టు ద్వారా తెప్పించి, డెలివరీ కుర్రాణ్ణి సాక్షిగా పిలిపించవచ్చు. అతని నోటి మాట పనికొచ్చేది అక్కడ, బోనులో.

సంతకం ఎవరో అనామకుడిదైతే దావా కొరియర్ మీదికి మళ్లవచ్చు. బుకింగ్ రసీదు వెనక సన్నక్షరాల్లో పరిహారానికి పరిమితి వేసి ఉంటుంది, చదవండి. అప్పుడైనా ఖాతాదారుణ్ణి వదిలేయకండి. కొరియర్‌లో పంపమని ఆయనే వాట్సాప్‌లో అడిగి ఉంటే, సరుకుల అమ్మకం చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొరియర్‌కు అప్పగించడమే ప్రాథమికంగా ఆయనకు అప్పగించినట్టు. ఆ చాట్ ఉన్న ఫోన్‌ను మాత్రం మార్చకండి, రీసెట్ చేయకండి.