లాటరీలో పేరు తెప్పిస్తానన్న ఏజెంటుకు 2 లక్షలు కట్టాలా?

"మాది గాజువాక. అబ్బాయికి 25 ఏళ్లు, బీటెక్ అయింది. యూకే యంగ్ ప్రొఫెషనల్స్ లాటరీలో పేరు తెప్పిస్తానని ఏజెంటు 2 లక్షలు అడుగుతున్నాడు. చూపించాల్సిన డబ్బు మావారి ఖాతాలో ఉంది, సరిపోతుందా? లేక ఆస్ట్రేలియా మేలా?"

అమ్మా, ఆ 2 లక్షలు ఇవ్వకండి. యూకేలో రెండేళ్లు ఉండి ఉద్యోగం చేసుకునే వీసాకు పిలుపు తెచ్చే ఈ లాటరీలో పేరు నమోదుకు పైసా ఫీజు లేదు. కంప్యూటర్ యాదృచ్ఛికంగా తీసే పేర్లను ఏ ఏజెంటూ మార్చలేడు. ఒక్కో విడతకు ఒక్కరికి ఒక్క నమోదే. ఫలితం ఈమెయిల్‌కే వస్తుంది కాబట్టి ఏజెంటు తన మెయిల్ ఇచ్చాడంటే మీవాడి ఆహ్వానం అతని చేతిలో ఉన్నట్టే. పాతికేళ్ల కుర్రాడు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని పది నిమిషాల్లో నింపుకునే ఫారం అది. దానికి మీరు బేరమాడటం ఏమిటి?

వయసు 18 నుంచి 30, డిగ్రీ, తన మీద ఆధారపడ్డ పిల్లలు లేకపోవడం: ఇవి మీవాడికి సరిపోతాయి. ఉద్యోగ ఆఫర్, ప్రయాణ ప్రణాళిక అడగరు. చిక్కంతా డబ్బు దగ్గరే. 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు అబ్బాయి పేరున ఉన్న ఖాతాలో ఉండాలి, తండ్రి ఖాతా పనికిరాదు. పౌండు 118 రూపాయలనుకుంటే 2,98,540. మారకం రేటు కదులుతుంది కాబట్టి 3.25 లక్షలు వేయండి. జూన్ 1న వేస్తే జూన్ 28కి 28 రోజులు నిండుతాయి. మధ్యలో, చెప్పాలంటే 15న, ఏదో ఈఎంఐ కోసుకుని ఒక్కరోజు నిల్వ 2,530 పౌండ్ల కంటే తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. 28వ రోజు తర్వాత 31 రోజుల్లోపు దరఖాస్తు పడాలి. బంగారం, షేర్లు లెక్కలోకి రావు. వాళ్ల నాన్న ఇచ్చిన సొమ్మేనని చిన్న ఉత్తరం దగ్గర ఉంచుకుంటే మంచిది. వీసా ఫీజు, ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్ల ఆరోగ్య రుసుము దీనికి అదనం. ఆరోగ్య రుసుమే 1,83,136 రూపాయలు.

నా అనుమానమూ చెప్తాను. ఈ వీసా 24 నెలలే, పొడిగింపు లేదు. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్పాన్సర్ చేసే కంపెనీ, దానికి తగ్గ జీతం కావాలి. అది దొరుకుతుందన్న ధీమాతో ఇల్లు తాకట్టు పెట్టకండి. రెండేళ్ల అనుభవం చాలనుకుంటేనే పంపండి.

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాకూ లాటరీయే. నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు, పాన్ కార్డు అవసరం. చూపాల్సింది సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఏడాది వీసా, ఒక్క యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలే. ఉద్యోగ అనుభవమే కావాలంటే యూకే నయం.

పేరు రాకపోతే అది వీసా తిరస్కరణ కాదు, రికార్డులో మచ్చ పడదు. వయసు ఉన్నంతకాలం మళ్లీ ప్రయత్నించవచ్చు. నమోదు గడువు 48 గంటలే కాబట్టి యూకే ప్రభుత్వ వెబ్‌సైట్ gov.uk లో తేదీ చూసుకుని, పాస్‌పోర్టు స్కాన్ ముందే సిద్ధం చేసుకోమనండి.