పది లక్షల డాలర్లు ఎందుకు రాలేదు?

ప్రశ్న: సింగపూర్‌లో మాకు చిన్న కంపెనీ ఉంది. ఇండియా క్లయింటు ఇచ్చే 8.4 కోట్ల రూపాయల కోసం ఇక్కడి బ్యాంకుతో డాలరుకి 84 చొప్పున రేటు ముందే ఖాయం చేసుకుంటూ ఎన్‌డీఎఫ్ అనే ఒప్పందం రాసుకున్నాం. ఒప్పందం లెక్క తేల్చే ఫిక్సింగ్ రోజు రేటు 86. పది లక్షల డాలర్లు వస్తాయనుకుంటే 23,255.81 మాత్రమే వేశారు. రూపాయలు ఇండియా అకౌంట్లోనే ఉన్నాయి, ఇప్పుడు రేటు 87. నిద్ర పట్టట్లేదు. కేసు వేయొచ్చా?

జవాబు: కేసు లేదు. బ్యాంకు లెక్క సరిగ్గానే ఉంది. మీరు సంతకం పెట్టిన కన్ఫర్మేషన్ పత్రంలో 'నాన్ డెలివరబుల్ ఫార్వర్డ్' అని రాసి ఉంటుంది, ఎన్‌డీఎఫ్ అంటే అదే, అంటే మీ రూపాయలు వాళ్లు తీసుకోరు, పది లక్షల డాలర్లు ఇవ్వరు, రెండు రేట్ల తేడా మాత్రమే డాలర్లలో కడతారు. పెట్టుబడుల రాకపోకలపై ఆంక్షలున్న రూపాయిని సింగపూర్‌లో స్వేచ్ఛగా చేతులు మార్చే వీల్లేదు కాబట్టే ఈ పద్ధతి పుట్టింది. ఇండియాలో రేటు ముందే ఖాయం చేసే ఫార్వర్డ్ తీసుకోవాలంటే సాధారణంగా అసలు లావాదేవీ ఉందా అని అడుగుతారు, బయట ఆ గొడవ తక్కువ, అందుకే చాలామంది విదేశీయులు అక్కడే హెడ్జ్ చేసుకుంటారు, అంటే రేటు మారినా నష్టం రాకుండా చూసుకుంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. 86 రేటుకి మీ 8.4 కోట్లు మారిస్తే 9,76,744.19 డాలర్లు. దానికి బ్యాంకు వేసిన 23,255.81 కలపండి, సరిగ్గా పది లక్షలు. కాకపోతే రూపాయలు ఫిక్సింగ్ రోజునే మార్చి ఉండాలి. మీరు ఊరుకున్నారు. 87కి మారిస్తే వచ్చేది 9,65,517.24 మాత్రమే, అంటే సుమారు 11,227 డాలర్లు పోయినట్టే, ఆ నష్టం బ్యాంకుది కాదు, మీ నిర్లక్ష్యానిది. కాంట్రాక్టు చదవకుండా ఇంత మొత్తం మీద సంతకం ఎలా పెట్టారండీ?

ఒక్కటి మాత్రం పరిశీలించండి. కన్ఫర్మేషన్‌లో రాసిన ఫిక్సింగ్ తేదీ, రేటు మూలం (రూపాయికి సాధారణంగా ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించే రిఫరెన్స్ రేటు) తీసి, ఆ రోజు ప్రకటించిన అంకెతో పోల్చండి. ఫిక్సింగ్ డబ్బు చేతికొచ్చే రోజు కాదు, అంతకు రెండు పనిదినాల ముందు జరుగుతుంది, చాలామంది తికమకపడేది ఇక్కడే. అంకె తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. కాంట్రాక్టు ఇంగ్లండ్ చట్టం కింద ఉంటే దావాకి ఆరేళ్ల గడువుంది, అలాగని ఆగొద్దు, మెయిళ్లు, ఫోన్ రికార్డులు అంతవరకూ ఉంటాయన్న నమ్మకం లేదు.

'ఇండియాలో ఎవరికైనా రూపాయలిచ్చేసి, ఇక్కడ డాలర్లు తీసుకుంటే సరి' అనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. వద్దు! అది హవాలా. విదేశీ మారకద్రవ్య చట్టమైన 1999 ఫెమా సెక్షన్ 13 కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు, ఎన్‌డీఎఫ్ కన్ఫర్మేషన్ చూపించినా అది మిమ్మల్ని కాపాడదు.

ఇన్‌వాయిసు, ఒప్పందం, పన్ను కాగితాలు పట్టుకుని మీ ఇండియా బ్యాంకు ద్వారా ఆ డబ్బు పంపించే పని ఈ రోజే మొదలుపెట్టండి. ఇకముందు క్లయింటు డబ్బు వేసే తేదీ తెలిశాకే ఫిక్సింగ్ తేదీ పెట్టించుకోండి, ఆ రోజే రూపాయలు మార్చమని బ్యాంకుకి ముందే సూచన ఇవ్వండి. తేదీలు కుదరకపోతే, నాన్ రెసిడెంట్ హోదాలో ఇండియా బ్యాంకు దగ్గరే ఇన్‌వాయిసు చూపించి డెలివరీ ఉండే ఫార్వర్డ్ తీసుకోవచ్చేమో అడగండి.