ఏజెన్సీకి నలభై వేలు ఇచ్చే ముందు, వచ్చిన ఎంక్వైరీలకు ఎవరు ఫోన్ చేస్తున్నారో చూడండి

ప్రశ్న: మాది విజయవాడలో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న సంస్థ. నాతో కలిపి ఏడుగురం. నెలకు ఎనిమిది ఇళ్లు చేస్తున్నాం, ఎక్కువగా పాత కస్టమర్లు చెప్పి పంపినవాళ్లే. ఇంటికి సుమారు 2 లక్షల బిల్లు. సామాను, కూలీ, రవాణా పోగా 22 వేలు మిగులుతుంది. పదిహేను ఇళ్లకు పెంచాలని ఉంది. రెండు నెలలుగా నేనే నెలకు 20 వేలు పెట్టి ఫేస్‌బుక్‌లో యాడ్స్ వేస్తున్నాను. వంద దాకా ఎంక్వైరీలు వస్తున్నాయి కానీ ఆర్డర్లు ఒకటో రెండో. ఒక ఏజెన్సీ నెలకు 40 వేలు ప్లస్ జీఎస్టీ అడుగుతోంది, ఆరు నెలల అగ్రిమెంట్. తెలిసిన ఫ్రీలాన్సర్ 15 వేలకు చేస్తానంటున్నాడు. మా తమ్ముడేమో 25 వేల జీతానికి మన దగ్గరే ఒక మార్కెటింగ్ మనిషిని పెట్టుకుందాం అంటాడు. ఏది మంచిది?

జవాబు: ఏజెన్సీ అగ్రిమెంట్ మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. యాడ్స్ పని ఫ్రీలాన్సర్‌కు ఇవ్వండి. మీ తమ్ముడు చెప్పినట్టు జీతానికి ఒక మనిషిని కూడా తీసుకోండి. అయితే ఆ మనిషి పని యాడ్స్ వేయడం కాదు, వచ్చిన ఎంక్వైరీలకు ఫోన్ చేసి ఆర్డర్ దాకా తీసుకురావడం. ఎందుకు ఇలా అంటున్నానో లెక్కతో చెబుతాను.

ముందు ఒక్క ఆర్డర్ తెచ్చుకోవడానికి మీరు ఎంత ఖర్చు భరించగలరో తేలాలి. మీకు మిగిలే 22 వేలలోంచి, ముందు ముందు సర్వీసుకు వెళ్లాల్సి వస్తుంది కాబట్టి ఇంటికి 2 వేలు పక్కన పెట్టండి. మిగిలింది 20 వేలు. ఆఫీసు అద్దె, ఇప్పుడున్న జీతాలు మీరు చేస్తున్న ఎనిమిది ఇళ్ల మీదే గడిచిపోతున్నాయి కాబట్టి, కొత్తగా వచ్చే ప్రతి ఇంటి మీద ఈ 20 వేలు దాదాపు పూర్తిగా మీ చేతికి వస్తాయి. అందులో 8 వేలకు మించి మార్కెటింగ్‌కు పెట్టవద్దు. ఇది నేను గీస్తున్న గీత. దీనికంటే పైకి పోతే, ఒక్క ఇన్వర్టర్ పాడైనా, ఒక్క కస్టమర్ పేమెంట్ రెండు నెలలు ఆపినా, పెరిగిన పని వల్ల మీకు మిగిలేదేమీ ఉండదు.

మీరు కోరుకుంటున్నది నెలకు ఏడు ఆర్డర్లు ఎక్కువ. ఏడు ఎనిమిదులు యాభై ఆరు. అంటే జీతాలు, ఫీజులు, యాడ్స్ అన్నీ కలిపి నెలకు 56 వేలు మీ హద్దు. ఏజెన్సీ ఫీజు, ఇప్పటి యాడ్ ఖర్చు కలిపితేనే 60 వేలు. అక్కడే హద్దు దాటింది. పైగా ఆ 60 వేలలో ఎంక్వైరీకి తిరిగి ఫోన్ చేసే మనిషి లేడు. ఆ పని మళ్లీ మీదే.

మీ అసలు సమస్య అక్కడే ఉందని నా అనుమానం. నెలకు వంద మంది ఆసక్తి చూపితే ఒకరో ఇద్దరో కొంటున్నారంటే, యాడ్ సరిగ్గా లేకపోయి ఉండవచ్చు, లేదా వచ్చినవాళ్లను ఎవరూ పట్టించుకోకపోయి ఉండవచ్చు. మీరు పగలంతా ఏదో ఒక డాబా మీద ఉంటారు. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి పొద్దున వచ్చిన నంబర్లకు ఫోన్ చేస్తే, సగం మందికి తాము ఫారం నింపిన సంగతే గుర్తుండదు. ఫేస్‌బుక్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు వాటంతట అవే పడిపోతాయి. వేలు తగిలితే చాలు, ఎంక్వైరీ అయిపోతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ మీద హక్కు లేనివాళ్లు, నెలకు ఐదారు వందల కరెంటు బిల్లు వచ్చేవాళ్లు కూడా అందులో ఉంటారు.

అందుకని ఫ్రీలాన్సర్‌కు మొదటి పనిగా ఫారం మార్చమనండి. సొంత ఇల్లేనా, నెలకు కరెంటు బిల్లు ఎంత, ఏ ఊరు అనే మూడు ప్రశ్నలు పెట్టించండి. పంపే ముందు వివరాలు మరోసారి సరిచూసుకోమనే రకం ఫారం కూడా ఉంటుంది, దాన్ని ఎంచుకోమనండి. ఎంక్వైరీలు వందనుంచి నలభైకి పడిపోవచ్చు. కంగారు పడకండి. ఆ నలభై మందికి వెంటనే ఫోన్ వెళ్తే చాలు.

ఆ ఫోన్ చేసే మనిషికి 20 వేల జీతం అనుకుందాం. డిజైన్ రావాల్సిన అవసరం లేదు. ఓపికగా తెలుగులో మాట్లాడగలగాలి, కరెంటు బిల్లు చదవగలగాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుందని, అది నెట్ మీటర్ బిగించి సిస్టమ్ నడవడం మొదలయ్యాక కస్టమర్ బ్యాంకు ఖాతాలోనే పడుతుందని స్పష్టంగా చెప్పగలగాలి. చాలామంది సబ్సిడీ పోను మిగతాది కడితే చాలనుకుని, తర్వాత గొడవ పడతారు. ఈ ఒక్క మాట మొదటి ఫోన్‌లోనే తేలిపోతే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. పథకం పోర్టల్‌లో దరఖాస్తు, బ్యాంకు లోను కాగితాలు కూడా ఆ మనిషే చూస్తే, మీరు సైట్ విజిట్లకు వెళ్లే తీరిక దొరుకుతుంది. ఇంకో పని కూడా అప్పగించండి. బిగించి ఆరు నెలలైన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, బిల్లు ఎంత తగ్గిందని అడిగి, ఆ వీధిలో ఎవరైనా ఆసక్తిగా ఉన్నారా అని కనుక్కోవాలి. మీ పాత కస్టమర్లే మీకు ఆర్డర్లు పంపుతున్నారు కదా. కావలసిన ఏడులో మూడు ఈ దారిలోనే వస్తాయని నా అంచనా. యాడ్స్ మీద నాలుగే తెచ్చుకోవాలి.

జీతం 20 వేలు, ఫ్రీలాన్సర్ 15 వేలు, యాడ్స్ ఇప్పటిలాగే 20 వేలు. మొత్తం 55 వేలు. హద్దులోనే ఉంది. మూడు ఆర్డర్లు వస్తే పెట్టింది తిరిగి వస్తుంది, ఏడు వస్తే 85 వేలు మిగులుతుంది. మీ సిబ్బంది పదిమందికి చేరలేదు కాబట్టి ఈఎస్‌ఐ ఇంకా వర్తించదు. ఇరవై మందికి చేరలేదు కాబట్టి పీఎఫ్ కూడా తప్పనిసరి కాదు.

మీ తమ్ముడు అన్న 25 వేల మార్కెటింగ్ ఉద్యోగి సంగతి. ఆ జీతానికి వీడియో తీసి, డిజైన్ చేసి, యాడ్స్ నడిపి, ఫోన్లూ మాట్లాడే మనిషి దొరకడం కష్టం. ఏదో ఒకటి వచ్చినవాళ్లే దొరుకుతారు. నేర్చుకునే రెండు మూడు నెలల జీతం, ల్యాప్‌టాప్ ఖర్చు మీవే. నెలకు 20 వేల యాడ్స్ నడపడానికి రోజంతా ఒక మనిషి కూర్చోవాల్సిన పని కూడా ఉండదు.

ఏజెన్సీలు పనికిరావని నేను అనడం లేదు. గుంటూరు, ఏలూరుల్లో కూడా పని మొదలుపెట్టి, యాడ్స్ మీదే నెలకు లక్ష దాకా పెట్టే రోజు వస్తే, వీడియో, వెబ్‌సైట్, గూగుల్, ఫేస్‌బుక్ అన్నీ ఒక్కరు చూసుకోలేరు. అప్పుడు ఏజెన్సీ అవసరం. ఇప్పుడు మాత్రం ఆరు నెలల ఫీజే 2 లక్షల 40 వేలు, దాని మీద జీఎస్టీ 43,200. మీ టర్నోవర్ ఏడాదికి 1.9 కోట్లు ఉంది కాబట్టి చిన్న వ్యాపారులు తక్కువ రేటుకు జీఎస్టీ కట్టే కాంపోజిషన్ పద్ధతిలో మీరు ఉండే వీలు లేదు, ఏజెన్సీకి కట్టిన ఆ జీఎస్టీ మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గి, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. కానీ ఫలితం నచ్చకపోయినా ఫీజు కడుతూనే ఉండాలి. ఏజెన్సీ రిపోర్టులో సాధారణంగా కనిపించేది ఎన్ని లీడ్లు, అంటే ఎంక్వైరీలు, వచ్చాయి, ఒక్కో లీడ్‌కు ఎంత పడింది అన్నదే. మీ ఖాతాలో డబ్బు పడిందా లేదా అన్నది అందులో ఉండదు.

ఎవరికి ఇచ్చినా ఒక్క విషయంలో మొహమాటపడకండి. ఫేస్‌బుక్ యాడ్ అకౌంట్, గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారం పేజీ, వెబ్‌సైట్ డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో ఉండాలి. ఫ్రీలాన్సర్‌కు వాటిలో పని చేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. "మా అకౌంట్ నుంచే నడుపుతాం, మీకెందుకు శ్రమ" అంటే ఒప్పుకోవద్దు. రేపు విడిపోయిన రోజున ఏ యాడ్ ఎవరికి చూపిస్తే ఆర్డర్ వచ్చిందో ఆ చరిత్రంతా వాళ్లతోనే పోతుంది, మీరు మళ్లీ మొదటి నుంచి డబ్బు ఖర్చు పెట్టి నేర్చుకోవాలి. యాడ్ అకౌంట్‌లో మీ జీఎస్టీ నంబరు కూడా ఎక్కించండి. అది లేకుంటే యాడ్స్ మీద కట్టే 18 శాతానికి క్రెడిట్ రాదు. తయారు చేసిన వీడియోలు, డిజైన్లు మీవేనని, ఒరిజినల్ ఫైళ్లు ఇవ్వాలని ఒక కాగితం మీద రాయించుకోండి. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసినది సాధారణంగా చట్టప్రకారమే యజమానికి చెందుతుంది. బయటివాళ్లు చేసిన డిజైన్లు, రాసిన మాటల విషయంలో రాతపూర్వకంగా లేకపోతే హక్కు వాళ్లదేనని వాదించే అవకాశం ఉంటుంది.

ఫ్రీలాన్సర్ ఏడాది ఆదాయం 20 లక్షల లోపు ఉంటే జీఎస్టీ వేయకపోవచ్చు, అది తప్పు కాదు. కానీ మీ టర్నోవర్ కోటి దాటింది కాబట్టి, ఏడాదికి 1 లక్షా 80 వేలు ఇచ్చే ఆ మనిషికి టీడీఎస్ కోసి కట్టాలి. ఏ రేటు అన్నది ఏ పనికి ఇస్తున్నారో చూసి మీ ఆడిటర్ చెబుతారు. కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతాన్ని మీ లాభంలో కలిపి పన్ను వేస్తారు. యాడ్స్ బిల్లుల మీద కూడా టీడీఎస్ కోయాలా అని అదే రోజు ఆయన్నే అడగండి.

ఇంకొకటి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఏడు ఇళ్లు పెరిగితే ఒక్కో ఇంటికి 1 లక్షా 78 వేల చొప్పున నెలకు పన్నెండు లక్షలకు పైగా సామాను, కూలీ డబ్బు అదనంగా తిరగాలి. కస్టమర్ లోను విడుదలయ్యేదాకా ఆగితే అదంతా మీ జేబులోంచే. ఇప్పుడు సగటున ఎన్ని రోజులకు పూర్తి డబ్బు వస్తోందో గత పది ఇళ్ల లెక్క తీయండి. నెల దాటుతుంటే, సామాను దించే ముందే పెద్ద భాగం వచ్చేలా అడ్వాన్సు నిబంధన మార్చుకున్నాకే యాడ్స్ పెంచండి. బంగారం తాకట్టు పెట్టి ఈ పెరుగుదలను నడపవద్దు.

మూడు నెలలు ఒక షీట్ రాయించండి. ఎంక్వైరీ తేదీ, ఎక్కడి నుంచి వచ్చింది, సొంత ఇల్లా, బిల్లు ఎంత, సైట్ విజిట్ అయిందా, కొటేషన్ ఇచ్చామా, ఆర్డరా. వచ్చినవాళ్లలో సొంత ఇళ్లే తక్కువైతే లోపం యాడ్‌లో ఉంది, ఫ్రీలాన్సర్‌తో మాట్లాడండి. సొంత ఇళ్లు, మంచి బిల్లులు ఉండి కూడా సైట్ విజిట్లు జరగకపోతే ఫోన్ చేసే మనిషి దగ్గర లోపం. విజిట్లు జరిగి ఆర్డర్లు రాకపోతే మీ ధరనో, కొటేషన్ ఇచ్చే తీరునో సరిచేసుకోవాలి, దానికి ఏ మార్కెటింగ్ మనిషీ సాయపడలేడు. మూడో నెలలో ఈ ఖర్చు వల్ల వచ్చినవి మూడు ఆర్డర్లు కూడా లేకపోతే యాడ్స్, ఫ్రీలాన్సర్ ఆపేయండి. ఫోన్ చేసే మనిషిని మాత్రం ఇంకో మూడు నెలలు ఉంచి, పాత కస్టమర్ల మీదే పని చేయించండి.