రెండు రోజుల్లో ఏది చదవాలి, ఏది వదలాలి?

మేడమ్, టైఫాయిడ్ వచ్చి నెల రోజులు క్లాసులకు వెళ్లలేదు. ఫిజిక్స్ పరీక్షకు సరిగ్గా రెండు రోజులే ఉంది. స్థిర విద్యుత్, విద్యుత్ ప్రవాహం, అయస్కాంతత్వం జ్వరానికి ముందే చదివాను. విద్యుదయస్కాంత ప్రేరణ, ఏకాంతర విద్యుత్, కిరణ దృశాశాస్త్రం, ద్వంద్వ స్వభావం, పరమాణువులు, అర్ధవాహకాలు ముట్టుకోలేదు. నాన్న అన్నీ ఒకసారి తిరగేయమంటున్నారు. ఏదైనా వదిలేస్తే అదే వస్తుందేమోనని భయంగా ఉంది. ఏం చేయను?

అమ్మా, అన్నీ తిరగేసే ఆలోచన మానెయ్. పేజీ చూస్తున్నంతసేపూ తెలిసినట్టే ఉంటుంది, పుస్తకం మూసి రాయబోతే రెండో లైను దగ్గర ఆగిపోతావు. తొమ్మిది పాఠాలు అలా చూసినదానికంటే ఆరు పాఠాలు రాయగలిగేలా చదివినదానికే మార్కులు వస్తాయి. నాన్నగారికి ఈ మాటే చెప్పు. ఏం వదులుతున్నావో, ఎందుకు వదులుతున్నావో కాగితం మీద రాసి చూపిస్తే ఆయనకూ టెన్షన్ తగ్గుతుంది.

మొదటి గంట చదవకు. పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు పక్కన పెట్టుకుని, ఏ పాఠం నుంచి పెద్ద ప్రశ్న వచ్చింది, దేని నుంచి చిన్నవి మాత్రమే వచ్చాయి అని గుర్తు పెట్టుకో. ఛాయిస్ ఏ విభాగంలో ఉందో తప్పకుండా చూడు. ఛాయిస్ ఉన్న చోట ఒక పాఠం పూర్తిగా వదిలినా నష్టం లేదు. అన్నీ రాయాల్సిన విభాగంలో మాత్రం, వదిలిన పాఠం నుంచి కూడా నిర్వచనాలు, సూత్రాలు తెలిసి ఉండాలి.

తర్వాత, చదివి మరచిన మూడు పాఠాలతో మొదలుపెట్టు. కొత్తవాటి మీద భయంతో చాలామంది వీటిని ఆఖరికి నెడతారు, అది పొరపాటు. ఒకసారి అర్థమైనది తక్కువ సమయంలోనే తిరిగి వస్తుంది. పుస్తకం తెరవకుండా ముందు పాత ప్రశ్నకు జవాబు రాయి, ఆగిన చోటు మాత్రమే చదువు. మొదటి రోజు మధ్యాహ్నానికి ఇవి ముగియాలి.

కొత్త ఆరింటినీ ఒకే ప్రశ్నతో వేరుచేయి: ఇది ఇంకో పాఠం తెలియకుండా అర్థమవుతుందా? ద్వంద్వ స్వభావం, పరమాణువులు, అర్ధవాహకాలు చాలావరకు సొంతంగా నిలబడతాయి, చిన్నవి కూడా. ఉదాహరణకు, ద్వంద్వ స్వభావంలో ఎక్కువ లెక్కలు hν = φ + Kmax అనే ఒక్క సమీకరణం మీదే నడుస్తాయి. లోహం పని ప్రమేయం 2 eV, ఫోటాన్ శక్తి 5 eV అయితే ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి 3 eV, నిరోధక పొటెన్షియల్ 3 V. ఇలాంటివి నాలుగు చేస్తే చెయ్యి తిరుగుతుంది. ఈ మూడు పాఠాలకు మొదటి రోజు మిగతా సగం, రెండో రోజు ఉదయం పెట్టు.

ఏకాంతర విద్యుత్ వదిలెయ్. దానికి ప్రేరణ రావాలి, ఫేజర్ పటాలు రావాలి. ఎల్‌సీఆర్ వలయం ఉత్పాదన కొత్తగా నేర్చుకోవడానికే ఒక పూట పోతుంది, అప్పటికీ మధ్యలో ఒక మెట్టు మరచిపోతే మిగతాదంతా కదలదు. దాని నుంచి ఆర్‌ఎంఎస్ విలువ, అనునాద పౌనఃపున్యం సూత్రాలు రెండూ రాసుకో, చాలు. ప్రేరణలో ఫారడే, లెంజ్ నియమాలు, కదిలే కడ్డీలో పుట్టే Blv తీసుకుని ఆగిపో.

కిరణ దృశాశాస్త్రం దగ్గర జాగ్రత్త. పెద్ద పాఠం, మార్కులూ ఎక్కువే, అందుకే రోజంతా తినేస్తుంది. దర్పణ, కటక సూత్రాలు, గుర్తుల సంప్రదాయం, సంపూర్ణాంతర పరావర్తనం వాటి లెక్కలతో సహా చదువు. గోళాకార ఉపరితలం దగ్గర వక్రీభవనం, దాని మీద ఆధారపడిన కటక తయారీదారు సూత్రం ఉత్పాదనలు వదిలెయ్. రెండో రోజు మధ్యాహ్నం దీనికే.

ఏ అంశమైనా నలభై నిమిషాల తర్వాత పుస్తకం మూసి ఒక పాత ప్రశ్న రాయి. సగం కూడా రాకపోతే అది నీ వదిలే జాబితాలోకి వెళ్లాల్సిందే, "ఇంకొంచెం చూస్తే వచ్చేస్తుంది" అని కూర్చోకు. రెండో రోజు సాయంత్రం ఒక పాత పేపర్లో అన్నీ రాయాల్సిన విభాగాన్ని గడియారం పెట్టుకుని రాయి. ఆ తర్వాత కొత్త పేజీ తెరవకు.

జ్వరం నుంచి లేచిన ఒంటికి ఒకే ఊపున గంటలు కూర్చునే ఓపిక ఉండదు. నలభై నిమిషాలకోసారి పది నిమిషాలు పడుకున్నా తప్పు లేదు. రెండు రాత్రులూ నిద్ర తగ్గించకు, నిద్రలేకపోతే పగలు చదివింది నిలవదు. మళ్లీ జ్వరం తగిలితే మాత్రం ఈ ప్లాన్ పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. వైద్య ధ్రువపత్రంతో పరీక్ష తర్వాత రాసుకునే వీలుందేమో నాన్నగారిని స్కూల్లో ఈ రోజే అడగమను.