ఆ ‘నీడ్‌ఫుల్’ ఏమిటో రాస్తే చాలు

*మా బిడ్డ బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. మెయిల్స్‌లో ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’, ‘రివర్ట్ బ్యాక్’ అని రాయొద్దని మేనేజర్ అన్నాడట. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటికొచ్చినప్పుడు తన మెయిల్స్ నేనే దిద్దుతున్నాను. ఆ మాటల్లో తప్పేంటో నాకైతే అర్థం కాలేదు, ముప్పై ఏళ్లుగా ఆఫీసులో అవే రాస్తున్నాం. 35 వేలు కట్టి వీకెండ్ బిజినెస్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించాలా, లేక సొంతంగా నేర్చుకోగలదా? ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. — ఒక తండ్రి, హనుమకొండ*

ఉద్యోగం పోదు సార్. చేరిన నాలుగు నెలలకు మేనేజర్ కూర్చోబెట్టి ఫలానా మాట రాయొద్దని చెప్పాడంటే, పని నేర్పుతున్నాడని అర్థం. వదిలేయాలనుకున్న మనిషికి ఎవరూ మెయిల్ రాయడం నేర్పరు. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి వచ్చే తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. పైకి అడిగేది కోర్సు గురించే అయినా లోపల తొలిచేది ‘తెలుగు మీడియం’ అన్న మాట. కానీ ఇక్కడ తెలుగు మీడియం తప్పేమీ లేదు. ఆ ‘నీడ్‌ఫుల్’ బడి నుంచి రాలేదు, మీ టేబుల్ మీద నుంచి వచ్చింది.

మీ ఆఫీసులో ‘తగు చర్య నిమిత్తం’ అని రాస్తే ఎందుకు పని జరుగుతుంది? ఆ ఫైలు ఏ సెక్షన్‌కు వెళ్లాలో, అక్కడ ఎవరు ఏం చేయాలో ముందే తెలుసు కాబట్టి. పైగా కింది మనిషి పై అధికారికి ‘ఇది చేయండి’ అని సూటిగా రాయలేడు. అందుకే చేయాల్సిన పనిని ఆ మాట వెనక దాచి, మర్యాదగా పైకి పంపుతాం. ‘డూ ది నీడ్‌ఫుల్’ ఇంగ్లిష్‌వాళ్లు ఒకప్పుడు వాడిన మాటే. అక్కడ దాదాపు మరుగున పడింది, మన దఫ్తరుల్లో మిగిలింది. వ్యాకరణ దోషం కాదు. కంపెనీలో చిక్కేమిటంటే, మెయిల్ అందుకున్న మనిషికి ఆ ‘నీడ్‌ఫుల్’ ఏమిటో తెలియదు.

ఇలాంటి మెయిల్ ఒకటి చూద్దాం. ‘డియర్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే. విత్ రిఫరెన్స్ టు ది ట్రెయిల్ మెయిల్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియస్ట్.’ అందుకున్నవాడు కింద ఉన్న పాత మెయిల్స్ అన్నీ చదవాలి. అందులో మూడు విషయాలున్నాయనుకోండి: కొత్త లాగిన్, టెస్ట్ డేటాబేస్ చూసే అనుమతి, పాత రిపోర్టు కాపీ. అతను లాగిన్ ఇచ్చి ‘డన్’ అంటాడు. అమ్మాయికి కావాల్సింది డేటాబేస్ అనుమతి. మళ్లీ మెయిల్, మళ్లీ ‘విచ్ వన్?’ అని ప్రశ్న. రెండు రోజులు పోయాయి.

దీన్ని బాగుచేయడమంటే ‘నీడ్‌ఫుల్’ తీసి ‘టేక్ నెసెసరీ యాక్షన్’ పెట్టడం కాదు. అది పాత చొక్కాకు కొత్త గుండీ. ముందు తెలుగులోనే అనుకోవాలి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోపు, ఎందుకు? ‘గురువారం మధ్యాహ్నంలోపు నాకు టెస్ట్ డేటాబేస్ చూసే పర్మిషన్ కావాలి, రిపోర్టులో తప్పు ఎక్కడుందో వెతకాలి.’ ఇప్పుడు అదే ఇంగ్లిష్‌లో: ‘కుడ్ యూ ప్లీజ్ గివ్ మీ రీడ్ యాక్సెస్ టు ది టెస్ట్ డేటాబేస్ బై 12 నూన్ ఆన్ థర్స్‌డే? ఐ నీడ్ ఇట్ టు ఫిక్స్ ది రిపోర్ట్ ఎర్రర్. మై మేనేజర్స్ అప్రూవల్ ఈజ్ అటాచ్డ్.’ సబ్జెక్ట్ లైన్‌లో ‘రిక్వెస్ట్’ అని వదిలేయకుండా డేటాబేస్ పేరు, గురువారం అని రాస్తే మెయిల్ తెరవకముందే సగం పని అయినట్టే. ఇందులో మీ అమ్మాయికి రాని ఇంగ్లిష్ మాట ఒక్కటైనా ఉందా?

‘ఎట్ ది ఎర్లియస్ట్’ బదులు రోజు, టైమ్ రాయమనడానికి ఇంకో కారణం ఉంది. ‘శుక్రవారం సాయంత్రంలోపు’ అంటే అమెరికా తూర్పు తీరంలో ఉన్నవాడికి తన సాయంత్రం. వాళ్లు మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. వాళ్ల సాయంత్రానికి మనకు శనివారం తెల్లవారుతుంటుంది. ‘సాయంత్రం 6, ఐఎస్‌టీ’ అని రాస్తే గొడవే లేదు.

ఇక ‘రివర్ట్ బ్యాక్’. మనం తెలుగులో ‘తిరిగి జవాబివ్వండి’ అంటాం కదా, అందుకే ఆ ‘బ్యాక్’ మన చెవికి సహజంగా తగులుతుంది. మన దేశంలో రివర్ట్ అంటే జవాబివ్వడమని అందరికీ తెలుసు. బయటివాళ్లకు మాత్రం పాత స్థితికి తిరిగి వెళ్లడం. సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే కోడ్‌లో చేసిన మార్పుల లెక్క ఉంచే ‘గిట్’ అనే టూల్‌లో `git revert` అనే కమాండే ఉంది. చేసిన మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్, అంటే కొత్త నమోదు, పెట్టడం దాని పని. నా దగ్గరికి వచ్చిన ఓ కుర్రాడు తను రాసిన కోడ్ పంపుతూ ‘ప్లీజ్ చెక్ అండ్ రివర్ట్’ అని రాశాడట. అవతలి దేశంలో ఉన్న సహోద్యోగి చెక్ చేసి, చెప్పినట్టే రివర్ట్ చేసేశాడు. పొద్దున లేచి చూస్తే ఇతని మార్పు మాయం! ‘ప్లీజ్ రిప్లై’ లేదా ‘లెట్ మీ నో’ అంటే సరిపోయేది.

‘కైండ్లీ’ తీసేస్తే పొగరుగా ఉంటుందేమో అని మీకు అనిపించొచ్చు. తెలుగులో మర్యాద ‘గారు’లోనూ ‘పంపగలరు’లోనూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ పని ‘కుడ్ యూ’ చేస్తుంది, ఒక్క ‘ప్లీజ్’ చాలు. ‘కైండ్లీ’ తప్పు కాదు కానీ, చాలామంది బయటి దేశస్థులకు అది నోటీసు బోర్డు భాషలా వినిపిస్తుంది.

ఇప్పుడు మీకు కాస్త కటువుగా ఒక మాట. అమ్మాయి మెయిల్స్ దిద్దడం ఈ రోజే ఆపేయండి. అవి కంపెనీ కాగితాలు, ఇంట్లో చూపించకూడదు. మీ సెక్షన్ ఫైలు మీ అల్లుడు తెరిచి చదివితే ఒప్పుకుంటారా? అదీగాక, మేనేజర్ తీసేయమన్న మాటల్ని ఆదివారం మీరు మళ్లీ చేరుస్తుంటే పిల్ల ఎవరి మాట వినాలి?

కోర్సు సంగతి. ఈ వీకెండ్ కోర్సుల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పిల్లలు తెచ్చి చూపించిన నోట్సుల్లో ఎక్కువగా కనిపించేది ‘కొత్త మాటల’ పట్టిక. ‘నీడ్‌ఫుల్’ పోయి ‘సర్కిల్ బ్యాక్’, ‘టచ్ బేస్’ వస్తాయి. అవి కూడా అరిగిపోయిన మాటలే, వాటిలోనూ ఎవరు ఏం చేయాలో ఉండదు. మాట్లాడటానికే భయపడే పిల్లలకు నలుగురిలో కూర్చునే క్లాసు పనికొస్తుందని ఒప్పుకుంటాను. మీ అమ్మాయి సమస్య అది అని మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

డబ్బు కట్టే ముందు నెల రోజులు ఆగండి. పని అడుగుతూ తను పంపిన ప్రతి మెయిల్‌కు ‘ఏది?’, ‘ఎప్పటికి?’ అంటూ ఎన్ని ఎదురు ప్రశ్నలు వచ్చాయో అమ్మాయినే లెక్క పెట్టుకోమనండి. లెక్క తగ్గుతుంటే కోర్సు అక్కర్లేదు. తగ్గకపోతే ఆ సంస్థకు ఫోన్ చేసి ఒకటే అడగండి: పేర్లు, కంపెనీ వివరాలు మార్చి తను రాసుకొచ్చిన ఐదు మెయిల్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దుతారా? ‘మా దగ్గర మెటీరియల్ ఉంది’ అన్నారంటే ఫోన్ పెట్టేయండి.

మీ ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం ‘తగు చర్య నిమిత్తం’ అలాగే ఉంచండి. తీసేస్తే మీ సూపరింటెండెంట్ ఫైలు వెనక్కి పంపిస్తారు.