బోణీ బేరంలో మొదటి మాట

పొద్దున్నే కూరగాయల కొట్టుకి వెళ్తే బోణీ అంటారు, ఆ మాటతో నమ్మకం ఎలా కుదురుతుంది?

ధర కంటే ముందు ‘బోణీ అయిందా?’ అనండి. కాలేదంటే, మొదటి బేరం చెడితే రోజంతా ఇంతేనని కొట్టాయనకి గుబులు. అప్పుడు అప్పు అడక్కూడదు. కొనే ఉద్దేశం లేకపోతే ధరా అడక్కండి. కిలో వంకాయలు 40 అంటే, 20కి అడిగితే మొహం మాడుస్తాడు. ‘35 చేసుకో, బోణీ’ అంటే చాలావరకు తూచేస్తాడు, కరివేపాకు కొసరేస్తాడు. నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తాడు. (స్కాన్ చేస్తామన్నా కొందరు బోణీకి నోటే అడుగుతారు.) నాలుగుసార్లు ఇలా జరిగాక, అడక్కుండానే ‘ఇవాళ పుచ్చులున్నాయమ్మా, వద్దు’ అంటాడు. నమ్మకం కుదిరిందనడానికి అదే గుర్తు.