రాన్సమ్‌వేర్ దాడి జరిగాక బీమా కంపెనీకి తొలి నోటీసు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: నిన్న రాత్రి మా సర్వర్లలో ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి. సైబర్ పాలసీలో 72 గంటల్లో తెలియజేయాలని ఉంది. ఎలా జరిగిందో మాకే ఇంకా తెలియదు. పూర్తి వివరాలు దొరికాక నోటీసు ఇవ్వవచ్చా? ఈలోగా సర్వర్లు ఫార్మాట్ చేసి బ్యాకప్‌తో పని మొదలుపెట్టవచ్చా?

జవాబు: రెండూ వద్దు. నోటీసు ఈ రోజే ఇవ్వండి, సర్వర్లను చెరపకండి. విజయవాడలో మందుల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థకు ఐటీ బాధ్యతలు చూస్తున్నప్పుడు నాకూ ఇదే పరిస్థితి ఎదురైంది కనుక, అప్పుడు చేసిన పనులను అదే క్రమంలో రాస్తున్నాను.

ఆదివారం ఉదయం 6:40కి బిల్లింగ్ గుమాస్తా ఫైళ్లు తెరుచుకోవడం లేదని గమనించాడు. ప్రతి ఫోల్డరులోనూ డబ్బు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. 6:55కి నాకు ఫోన్ వచ్చింది. 7:10కి సర్వర్ల నెట్‌వర్క్ కేబుళ్లు తీయించి, బయటినుంచి వచ్చే వీపీఎన్ ఆపేశాను. వెంటనే బ్యాకప్ పెట్టెను కూడా నెట్‌వర్క్ నుంచి వేరు చేశాము. సర్వర్లకు కరెంటు మాత్రం తీయలేదు, ఎందుకంటే మెమరీలో ఉన్న ఆధారాలు కరెంటు పోగానే పోతాయి. తరువాత, దెబ్బతినలేదని తేలిన ఒక కంప్యూటరు నుంచి అడ్మిన్ పాస్‌వర్డులు మార్చాము. నష్టం పెరగకుండా ఆపే ఇలాంటి అత్యవసర చర్యలకు మేము బీమా కంపెనీ అనుమతి కోసం ఆగలేదు. కానీ ఫోరెన్సిక్ సంస్థను పెట్టుకోవడం, దాడి చేసినవారితో బేరం, డబ్బు చెల్లింపు వంటి వాటికి ముందుగా రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని చాలా పాలసీలు చెబుతాయి. అది లేకుండా పెట్టిన ఖర్చు క్లెయిములో రాకపోవచ్చు.

గడువు ఏ క్షణం నుంచి లెక్కిస్తారో పాలసీ నిర్వచనాల్లో చూడండి. గుమాస్తా చూసిన క్షణమా, ఐటీ అధిపతికో డైరెక్టరుకో తెలిసిన క్షణమా అన్నది పాలసీని బట్టి మారుతుంది. మేము నోటీసులో రెండు సమయాలూ రాసి, ముందుదాని నుంచే గడువు లెక్కించుకున్నాము. ఈ గడువుతో సంబంధం లేకుండా, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంఘటనను గమనించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు incident@cert-in.org.in ద్వారా తెలియజేయాలి. మీకు ఆ సమయం దాటి ఉంటే ఇంకా ఆలస్యం చేయక ఇప్పుడే పంపండి.

తొలి నోటీసు ఒక పేజీ చాలు: పాలసీ నంబరు, ఎవరు ఎప్పుడు ఏమి చూశారు, ఏ సేవలు ఎన్ని గంటలకు ఆగిపోయాయి, ఇంతవరకు ఏ చర్యలు తీసుకున్నారు, ఎవరిని సంప్రదించాలి. సేవలు ఆగిన సమయం తప్పక రాయండి, వ్యాపార నష్టం కవరులో సాధారణంగా కొన్ని గంటల నిరీక్షణ కాలం ఉంటుంది, అది గడిచాకే నష్టం లెక్కకు వస్తుంది. కారణం తెలియకపోతే ‘పరిశీలనలో ఉంది’ అనండి. ‘డేటా ఏదీ బయటికి పోలేదు’ అని మొదటి రోజే రాసి, వారం తరువాత మాట మార్చుకోవలసి వస్తే ఆ పేజీ మీకే ఎదురు తిరుగుతుంది. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారమును పక్కన పెట్టుకుని రాయండి. వీపీఎన్‌కు రెండంచెల లాగిన్ ఉందని అందులో చెప్పి ఉంటే, నిజంగా అన్ని ఖాతాలకూ ఉందో లేదో బీమా కంపెనీవాళ్లు తప్పక అడుగుతారు.

కాలక్రమం తయారుచేసేటప్పుడు మాకు ఒక చిక్కు ఎదురైంది. ఫైర్‌వాల్ లాగులో అనుమానాస్పద లాగిన్ శనివారం 20:12 అని ఉంది, సర్వరులో అదే ఖాతా కదలికలు ఆదివారం 1:50కి మొదలయ్యాయి. మధ్యలో అయిదున్నర గంటలు ఏమి జరిగిందని తలలు పట్టుకున్నాము. తీరా చూస్తే ఫైర్‌వాల్ మన సమయంలో కాక, అంతకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో రాస్తోంది. మన సమయంలోకి మార్చితే అది 1:42, అంటే తేడా ఎనిమిది నిమిషాలే. కనుక లాగులోని అసలు సమయం ఒక గడిలో, మార్చిన సమయం పక్క గడిలో పెట్టండి. లాగులు పాతవాటిపై కొత్తవి పడి చెరిగిపోకముందే కాపీ చేసి పెట్టుకోండి.

పని త్వరగా మొదలుపెట్టాలంటే పాత డిస్కులు తీసి భద్రపరిచి, కొత్త డిస్కులపై వ్యవస్థను ఎక్కించండి. బ్యాకప్ మాత్రం దాడిచేసినవారు మొదట ప్రవేశించిన తేదీకి ముందుదై ఉండాలి, లేకపోతే వాళ్లు వదిలిన దొడ్డిదారి కూడా తిరిగి వస్తుంది.

నోటీసును మీ కంపెనీ మెయిల్ నుంచి పంపకండి, దాడి చేసినవాళ్లు దాన్ని చదువుతూ ఉండవచ్చు. పాలసీ మొత్తం ఎంతో తెలిస్తే అడిగే సొమ్ము కూడా అంతకు తగ్గట్టే ఉంటుంది. బ్రోకరుకు చెప్పినంత మాత్రాన బీమా కంపెనీకి చెప్పినట్టు కాదు. పాలసీలో నోటీసుల కోసం ఇచ్చిన చిరునామాకే పంపి, బ్రోకరుకు నకలు ఇవ్వండి. గడువులోగా క్లెయిము నంబరుతో జవాబు రాకపోతే, అదే కాగితాన్ని బీమా కంపెనీ శాఖలో స్వయంగా ఇచ్చి, తేదీ, సమయంతో ముద్ర వేయించుకోండి.